ఒక నో ట్రంప్ తరువాత: స్టేమనా, ట్రాన్స్‌ఫరా?

(విజయనగరంలో బ్రిడ్జి పేకాట నేర్చుకుంటున్నవాళ్ళు ఆదివారం సాయంత్రం కలిసినప్పుడు చేసిన ప్రసంగం ఇది. రానివాళ్ళు చదువుకోవడానికి రికార్డింగు విని టైపు చేశాం. బోర్డు మీద రాసిన ముక్కల్ని ఇక్కడ మాటల్లో ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యి ఎత్తండమ్మా, నేను గొంతు పెంచుతాను. ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళు కాగితాలు పట్టుకోండి, ఎగిరిపోతాయి.

పోయిన వారం మనం ఒక నో ట్రంప్ దగ్గర ఆగాం. పార్ట్‌నర్ ఒక నో ట్రంప్ అన్నాడు. అంటే ఏం చెప్పాడు? 15 నుంచి 17 పాయింట్లు ఉన్నాయని చెప్పాడు. ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1, మన లెక్క ఇదే కదా. ఇంకా ఏం చెప్పాడు? చేయి సమంగా ఉంది, ఏ రంగూ పూర్తిగా లేకుండా పోలేదు, ఒంటి ముక్క లేదు అని చెప్పాడు. ఒక్క మాటలో ఇంత చెప్పేశాడు. ఇక అతను చెప్పాల్సింది చాలావరకు అయిపోయింది. మరి ఆయన చేయి మీకు తెలుసు, మీ చేయి ఆయనకు తెలియదు. అప్పుడు ఆట ఎక్కడ ఆగాలో ఎవరు తేల్చాలి? మీరే. ఎదురుగా కూర్చున్నవారే కెప్టెన్. ఈ రోజు చెప్పబోయే రెండు పద్ధతులూ కెప్టెన్ చేతిలో ఉండేవి. ఒకటి అడగడం, రెండోది చెప్పి ఒప్పించడం. అడిగేది స్టేమన్. చెప్పేది ట్రాన్స్‌ఫర్.

ముందు స్టేమన్. పార్ట్‌నర్ ఒక నో ట్రంప్ అన్నాక మీరు రెండు కళావరు అంటే, దానికి కళావరుతో సంబంధం లేదు. అది ప్రశ్న. "నీ దగ్గర నాలుగు ముక్కల మేజర్ ఉందా?" అని. మేజర్ అంటే ఆఠీను, ఇస్పేటు. జవాబులు మూడే. రెండు డైమను అంటే లేదు. రెండు ఆఠీను అంటే ఆఠీను నాలుగున్నాయి. రెండు ఇస్పేటు అంటే ఇస్పేటు నాలుగున్నాయి, ఆఠీను నాలుగు లేవు. రెండూ నాలుగేసి ఉంటే ముందు ఆఠీను అంటాడు. ఇది గుర్తుపెట్టుకోండి, తరువాత పనికొస్తుంది.

దీనికి పేరు వచ్చింది అమెరికా ఆటగాడు సామ్ స్టేమన్ వల్ల. 1945లో బ్రిడ్జి వరల్డ్ పత్రికలో ఆయన దీని గురించి రాశాడు. ఆలోచన మాత్రం ఆయన పార్ట్‌నర్ జార్జ్ రాపీది. ఇంగ్లండులో జాక్ మార్క్స్ అనే ఆయన కూడా విడిగా ఇదే కనిపెట్టాడు. రెండు దేశాల్లో ఇద్దరు ఒకే దగ్గరికి ఎందుకు చేరుకున్నారు? నో ట్రంప్ ఆడేవాళ్ళందరికీ ఒకే నొప్పి ఉంది కాబట్టి. ఆ నొప్పి ఏమిటో బోర్డు మీద చూద్దాం.

పార్ట్‌నర్ చేయి రాసుకోండి. ఇస్పేటు: రాజు, రాణి, 7, 2. ఆఠీను: ఆసు, 9, 5. డైమను: ఆసు, రాణి, 6. కళావరు: 8, 6, 3. పాయింట్లు లెక్కపెట్టండి. ఇస్పేటులో 5, ఆఠీనులో 4, డైమనులో 6. మొత్తం 15. ఒక నో ట్రంప్ అన్నాడు, తప్పులేదు.

మీ చేయి. ఇస్పేటు: ఆసు, జాకీ, 8, 4. ఆఠీను: రాజు, 7, 6, 2. డైమను: రాజు, 8, 5, 3. కళావరు: ఒకే ఒక్క 4. ఇక్కడ 5, 3, 3, మొత్తం 11. పదిహేనూ పదకొండూ ఇరవయ్యారు. గేముకి, అంటే బోనస్ తెచ్చే పాటకి, సుమారు 25 చాలు. స్టేమన్ తెలియనివాడు ఏం చేస్తాడు? పాయింట్లు చాలాయి కదా అని మూడు నో ట్రంప్ అనేస్తాడు. ఏం జరుగుతుంది?

ఇద్దరి దగ్గరా కళావరు చూడండి. 8, 6, 3 ఒక పక్క, 4 ఒక పక్క. ఎదుటివాళ్ళ దగ్గర మిగతా తొమ్మిది కళావర్లూ ఉన్నాయి. అవి 5, 4గా చీలితే వరసగా ఐదు పట్లు లాగేస్తారు. మూడు నో ట్రంప్‌కి తొమ్మిది పట్లు కావాలి, నాలుగు పోతే ఫర్వాలేదు, ఐదో పట్టు పోతే ఒకటి తక్కువ. 26 పాయింట్లు ఉండీ మనం పడిపోయాం! బాధగా ఉండదూ?

ఇప్పుడు రెండు కళావరు అని అడగండి. పార్ట్‌నర్ రెండు ఇస్పేటు అంటాడు. మీ దగ్గర కూడా నాలుగు ఇస్పేట్లున్నాయి. నాలుగూ నాలుగూ ఎనిమిది, తురుపుకి చాలు. నాలుగు ఇస్పేటు అనేయండి. ఇక ఆడి చూద్దాం, ఎందుకంటే ఆడితేనే ఇది నమ్మకం కుదురుతుంది.

ఇస్పేటు ముందు అన్నది పార్ట్‌నర్ కాబట్టి ఆయనే ఆడతాడు, మీ చేయి డమ్మీగా బల్ల మీద పరుస్తారు. ఎదుటివాడు కళావరు వేశాడు, మొదటి పట్టు వాళ్ళకి. తరువాత ఆఠీను వేశాడనుకోండి. పార్ట్‌నర్ ఆసుతో తీసుకున్నాడు. ఇప్పుడు తన చేతిలోంచి రెండో కళావరు వేసి, డమ్మీలో 4 ఇస్పేటుతో కోశాడు. డైమను వేసి చేతిలో రాణికి వచ్చాడు. మూడో కళావరు వేసి, డమ్మీలో 8తో కోశాడు. అక్కడ ఎదుటివాళ్ళకి మూడో కళావరు వరకూ ఉంటుంది కాబట్టి పైన కోస్తారన్న భయం మామూలుగా లేదు. డమ్మీలో మిగిలిన ఇస్పేటు ఆసు, జాకీ లాగాడు, డైమను ఆసుకి చేతికి వచ్చి రాజు లాగాడు. ఎదుటివాళ్ళ తురుపులు 3, 2గా ఉంటే అయిపోయాయి. చేతిలో రాణి ఇంకా ఉంది. మొత్తం లెక్కపెట్టండి. ఇస్పేటు నాలుగు, డమ్మీలో కోసినవి రెండు, ఆఠీను ఆసూ రాజూ రెండు, డైమను ఆసు, రాజు, రాణి మూడు. పదకొండు. పోయింది ఒక కళావరు, ఒక ఆఠీను. ఒకే ముక్కలు, ఒకే పాయింట్లు. ఒక చోట ఎనిమిది పట్లతో ఆగేవాళ్ళం, ఇక్కడ పదకొండు. ఆ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? కళావరు ఒంటి ముక్క నో ట్రంప్‌లో బలహీనత. ఇస్పేటు తురుపైతే అదే మనకి రెండు పట్లు.

అందుకే చేయి 4-3-3-3గా పూర్తిగా చదునుగా ఉంటే చాలామంది స్టేమన్ అడగరు. నాలుగు ఇస్పేట్లు ఉన్నా, కోసే చోటు లేనప్పుడు నేరుగా మూడు నో ట్రంప్ అంటారు. నా మటుకు నేను కూడా అదే చేస్తాను, అయితే ఇందులో భిన్నాభిప్రాయాలున్నాయి.

ఇంకొక సంగతి. మీరు రెండు కళావరు అని అడిగారు, పార్ట్‌నర్ రెండు ఆఠీను అన్నాడు. మీ దగ్గరున్నవి ఇస్పేట్లు. గేముకి బలం ఉంది కనుక మీరు మూడు నో ట్రంప్ అన్నారు. ఇప్పుడు పార్ట్‌నర్ ఆలోచించాలి. "ఆఠీను వద్దన్నాడు, మరి ఎందుకు అడిగాడు? అంటే ఇస్పేటు నాలుగున్నాయన్నమాట." తనకి రెండు మేజర్లూ నాలుగేసి ఉంటే నాలుగు ఇస్పేటుకి మారుస్తాడు. ముందు ఆఠీను చెప్పమన్నది ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

ఇక ఎవరు అడగకూడదు? ఇక్కడే మనవాళ్ళు ఎక్కువగా దెబ్బ తింటున్నారు, కాస్త నిదానంగా చెబుతాను. ఈ చేయి చూడండి. ఇస్పేటు: రాజు, 9, 7, 4. ఆఠీను: 6, 3. డైమను: రాణి, 8, 5. కళావరు: 9, 7, 6, 2. ఐదు పాయింట్లు. నాలుగు ఇస్పేట్లు కనబడగానే మాట నోటి దగ్గరికి వచ్చేస్తుంది, రెండు కళావరు అనేస్తాం. పార్ట్‌నర్ రెండు ఇస్పేటు అంటే బాగుంది, పాస్ అంటాం. కానీ రెండు ఆఠీను అంటే? రెండు డైమను అంటే? ఏం చేస్తారు? ఏం చేస్తారు చెప్పండి?

(ముందు వరసలోంచి ఒకరు: రెండు నో ట్రంప్ అంటాం మాష్టారూ.)

అదే. రెండు నో ట్రంప్ అంటే 8, 9 పాయింట్లు ఉన్నాయి, గేముకి వెళ్దామా అని పిలవడం. మీకు ఐదే ఉన్నాయి. పార్ట్‌నర్‌కి 17 ఉంటే మూడు నో ట్రంప్‌కి వెళ్ళిపోతాడు. ఎక్కడికి పోయారు చూడండి, ఒక నో ట్రంప్ దగ్గర హాయిగా ఆగవలసినవాళ్ళు. కాబట్టి రెండు కళావరు అనే ముందు ఒక్క పని చేయండి. మూడు జవాబులూ మనసులో పెట్టుకుని, ప్రతిదానికీ నా తరువాతి మాట ఏది అని చూసుకోండి. ఏ ఒక్క జవాబుకైనా మాట లేకపోతే, అడగకండి. ఈ చేతితో ఒక నో ట్రంప్‌కి పాస్ అనండి.

అయితే బలహీనంగా ఉన్నా అడగదగ్గ చేయి ఒకటుంది. ఇస్పేటు: జాకీ, 9, 6, 3. ఆఠీను: రాణి, 8, 5, 2. డైమను: 10, 7, 6, 4, 3. కళావరు: అసలు లేవు. మూడు పాయింట్లు. రెండు కళావరు అనండి. రెండు డైమను అన్నాడా, పాస్. రెండు ఆఠీను అన్నాడా, పాస్. రెండు ఇస్పేటు అన్నాడా, పాస్. మూడింటికీ మాట సిద్ధంగా ఉంది. ఎక్కడ ఆగినా ఒక నో ట్రంప్ కన్నా మేలు, ఎందుకంటే ఈ చేతిలో కళావరు లేదు, ఒక నో ట్రంప్‌లో ఎదుటివాళ్ళు ఆ రంగే లాగుతారు. తేడా పాయింట్లలో లేదండీ, తేడా జవాబుల్లో ఉంది.

ఇక ట్రాన్స్‌ఫర్. ఐదు ముక్కల మేజర్ ఉంటే అడగక్కర్లేదు, చెప్పేయాలి. కానీ నేరుగా కాదు, దాని కింద రంగు పేరు చెబుతాం. ఆఠీను ఐదుంటే రెండు డైమను, పార్ట్‌నర్ రెండు ఆఠీను అంటాడు. ఇస్పేటు ఐదుంటే రెండు ఆఠీను, పార్ట్‌నర్ రెండు ఇస్పేటు అంటాడు. అమెరికాలో ఆస్వాల్డ్ జాకబీ 1956లో దీన్ని రాసి ప్రచారం చేశాడు కాబట్టి ఆయన పేరు పడింది. స్వీడన్‌లో ఊలే విల్నర్ అనే ఆయన అంతకు ముందే రాశాడు.

చుట్టు తిప్పి చెప్పడం ఎందుకు? నేరుగా రెండు ఆఠీను అనేస్తే పోలేదా? ఇది మంచి ప్రశ్న. బోర్డు చూడండి. మీ చేయి: ఇస్పేటు 7, 2. ఆఠీను: జాకీ, 10, 8, 6, 3. డైమను: 9, 6, 4. కళావరు: రాణి, 8, 5. మూడు పాయింట్లు. పార్ట్‌నర్ చేయి: ఇస్పేటు: ఆసు, రాణి, 5. ఆఠీను: రాజు, 9, 4. డైమను: రాజు, 8, 7, 2. కళావరు: ఆసు, 7, 4. పదహారు.

ఒక నో ట్రంప్‌లో మీ ఐదు ఆఠీన్లు ఎందుకూ పనికిరావు. అవి లేచే వేళకి ఆ చేతికి వెళ్ళే దారి దాదాపు లేదు, ఒక్క కళావరు రాణి తప్ప, అదీ నమ్మకం లేదు. ఆఠీను తురుపైతే ఆ చిన్న ముక్కలే పట్లు తెస్తాయి. కాబట్టి ఆఠీనులో ఆగాలి. ఎవరు ఆడాలి అన్నదే ప్రశ్న.

పార్ట్‌నర్ ఆడితే మొదటి ముక్క ఎవరు వేస్తారు? ఆయనకి ఎడమవైపు ఉన్నవాడు. అతను ఇస్పేటు వేశాడనుకోండి. చివరి ముక్క పార్ట్‌నర్‌దే. ఇస్పేటు రాజు ఎవరి దగ్గర ఉన్నా ఆసుకీ రాణికీ రెండు పట్లు ఖాయం. డైమను వేసినా అంతే, రాజు వెనక కూర్చుని చూస్తాడు. ఇప్పుడు మీరు ఆడుతున్నారనుకోండి. పార్ట్‌నర్ చేయి డమ్మీగా బల్ల మీద పరిచారు. అందరూ చూస్తున్నారు. మీ ఎడమవైపువాడు ఇస్పేటు వేశాడు. డమ్మీ మధ్యలో ఇరుక్కుంది, రాజు దాని వెనక ఉంటే రాణి పోతుంది. డైమను వేస్తే ఆసు, రాణి దాని వెనక ఉంటే రాజు కూడా పోతుంది. ఒకే చేతులు, ఒకే తురుపు, ఆడేవాడు మారితే రెండు పట్లు అటూ ఇటూ. ట్రాన్స్‌ఫర్‌తో బలమైన చేయి దాగి ఉంటుంది, మొదటి ముక్క దాని మీదికి వస్తుంది. రెండో లాభం, మీరు రెండు డైమను అన్నాక పాట ఆగిపోదు. పార్ట్‌నర్ రెండు ఆఠీను అన్నాక మీకు మళ్ళీ మాట్లాడే అవకాశం ఉంది. ఈ బలహీన చేతితో పాస్. బలమైన చేతితో ఇంకో మాట.

ఇక్కడ ఓపెనర్లకి ఒక గట్టి మాట. ట్రాన్స్‌ఫర్ వస్తే ఒప్పుకోవాలి. ఆఠీను రెండే ఉన్నా ఒప్పుకోవాలి. "నాకు ఆఠీను బాగోలేదు, నో ట్రంప్‌లోనే ఉందాం" అని రెండు నో ట్రంప్ అనేవాళ్ళని మన బల్లల దగ్గరే చూస్తున్నాను. మీ అభిప్రాయం అడగలేదు. పార్ట్‌నర్‌కి సున్నా పాయింట్లు ఉండొచ్చు, రెండు ఆఠీనులో దాక్కోవాలనుకుంటున్నాడు. నాలుగు ముక్కల సపోర్టూ 17 పాయింట్లూ ఉన్నప్పుడు మాత్రం ఒక మెట్టు ఎక్కి మూడు ఆఠీను అనడానికి జంటగా ముందే ఒప్పుకుని ఉండొచ్చు.

ఇప్పుడు బలమైన చేయి. ఇస్పేటు: 8, 4. ఆఠీను: రాజు, జాకీ, 9, 6, 3. డైమను: ఆసు, 7, 5. కళావరు: రాణి, 10, 6. పది పాయింట్లు. గేము ఉంది. మూడు నో ట్రంపా, నాలుగు ఆఠీనా? మీకు తెలియదు. రెండు డైమను అనండి, రెండు ఆఠీను వస్తుంది, అప్పుడు మూడు నో ట్రంప్ అనండి. దీని అర్థం: "సరిగ్గా ఐదు ఆఠీన్లున్నాయి, గేముకి బలం ఉంది, నువ్వే ఎంచుకో." పార్ట్‌నర్‌కి ఆఠీను రాణి, 8, 2 ఉంటే మూడూ ఐదూ ఎనిమిది, నాలుగు ఆఠీనుకి మారుస్తాడు. ఆసు, 5 మాత్రమే ఉంటే పాస్. పాయింట్లు 8, 9 ఉంటే మూడు బదులు రెండు నో ట్రంప్ అంటాం, అంతే తేడా. ఆరు ముక్కలుంటే మీకే తెలుసు ఎనిమిది తప్పదని, ఎందుకంటే పార్ట్‌నర్‌కి కనీసం రెండుంటాయి. అప్పుడు నేరుగా నాలుగు ఆఠీను.

ఈ చేతితో స్టేమన్ అడిగితే ఏమవుతుంది? పార్ట్‌నర్‌కి మూడు ఆఠీన్లున్నాయి, నాలుగు లేవు, కాబట్టి రెండు డైమను అంటాడు. నిజమే చెప్పాడు పాపం. మీరేమో ఆఠీను లేదనుకుని మూడు నో ట్రంప్ అంటారు. ఐదూ మూడూ ఎనిమిది అక్కడే ఉండిపోయింది. ఇస్పేటు లాగి పడగొడతారు. ఐదు ముక్కల చేయి స్టేమన్‌లో పెట్టకూడదని చెప్పేది ఇందుకే.

మరి ఐదూ నాలుగూ ఉంటే? ఇదే ఈ రోజు అసలు చిక్కు. ఇస్పేటు: ఆసు, జాకీ, 8, 6, 3. ఆఠీను: రాజు, 10, 7, 4. డైమను: 9, 2. కళావరు: రాణి, 5. పది పాయింట్లు. ఐదు ఇస్పేట్లున్నాయి కదా, ట్రాన్స్‌ఫర్ అందామా? నాలుగు ఆఠీన్లున్నాయి కదా, స్టేమన్ అందామా? చేతులెత్తండి. ట్రాన్స్‌ఫర్ అనేవాళ్ళు? సరే, ఎక్కువమంది అటే.

నేను స్టేమన్ అంటాను. మూడు జవాబుల పరీక్ష పెట్టండి. రెండు ఆఠీను వస్తే నాలుగు ఆఠీను. రెండు ఇస్పేటు వస్తే నాలుగు ఇస్పేటు. ఈ రెండింట్లో ఎనిమిదో తొమ్మిదో దొరికేశాయి. రెండు డైమను వస్తే? అప్పుడు మూడు ఇస్పేటు అని దూకండి. "నాకు ఐదు ఇస్పేట్లు, నాలుగు ఆఠీన్లు, గేము వరకు పోవాలి" అని అర్థం. పార్ట్‌నర్‌కి ఇస్పేటు మూడుంటే నాలుగు ఇస్పేటు, రెండే ఉంటే మూడు నో ట్రంప్. ఏదీ చేజారలేదు. ట్రాన్స్‌ఫర్‌తో మొదలెట్టి తరువాత మూడు ఆఠీను అంటే, చాలా జంటలకి అది ఐదూ ఐదూ ఉన్న చేయి. ఆ మాటని దానికోసం ఉంచుకుంటే మేలు.

ఇక్కడ ఒక లోపం ఎవరైనా పట్టారా? రెండు డైమను తరువాత ఇస్పేటు పేరు ముందు నేనే అన్నాను. కాబట్టి నాలుగు ఇస్పేటు నేనే ఆడాలి, పార్ట్‌నర్ బలమైన చేయి బల్ల మీద పరిచెయ్యాలి. ఇందాక ట్రాన్స్‌ఫర్‌లో తప్పించుకున్న ఇబ్బంది మళ్ళీ వచ్చింది. దీనికి స్మోలెన్ అనే మార్పు ఉంది. ఐదు ఉన్న రంగు కాకుండా నాలుగు ఉన్న రంగుకి దూకడం, అంటే ఇక్కడ మూడు ఆఠీను. దానికి అర్థం ఆఠీను నాలుగు, ఇస్పేటు ఐదు. పార్ట్‌నర్ ఇస్పేటు అంటాడు, ఆయనే ఆడతాడు. కొత్తవాళ్ళు ఇప్పుడే పెట్టుకోకండి. ఒకరికి గుర్తుండి ఒకరికి గుర్తులేకపోతే, పార్ట్‌నర్ మూడు ఆఠీనుకి నాలుగు అనేసి ఏడు తురుపులతో ఆడతాడు. ఇద్దరూ కాగితం మీద రాసుకున్నాకే మొదలెట్టండి.

చివరిగా ఎదుటివాళ్ళ సంగతి. రెండు కళావరు, రెండు డైమను మన భాషలో వేరే అర్థం కాబట్టి, వాళ్ళు అడిగితే అర్థం చెప్పి తీరాలి, చాలా టోర్నమెంట్లలో అయితే అడగకుండానే తెలియజేయాల్సి ఉంటుంది. అర్థం తెలిశాక వాళ్ళు ఊరుకోరు. మీ రెండు డైమనుకి డబుల్ అంటారు, అంటే డైమను నా దగ్గర ఉంది, మొదటి ముక్క డైమను వెయ్యి అని వాళ్ళ పార్ట్‌నర్‌కి చెబుతారు. అప్పుడు ఓపెనర్ ఏం చేయాలి? ఎక్కువమంది పెట్టుకునే ఒప్పందం ఇది. ఆఠీను మూడు లేదా నాలుగుంటే రెండు ఆఠీను అనడం. రెండే ఉంటే పాస్. ఆ పాస్ చూసి కెప్టెన్‌కి కొత్త సంగతి తెలిసింది, ఆఠీను రెండేనని. ఎదుటివాళ్ళు డబుల్ అని మనకి ఒక మాట ఉచితంగా ఇచ్చారు. అలా కాకుండా వాళ్ళు రెండు ఇస్పేటు లాంటి సొంత బిడ్ మధ్యలో పెడితే, మన స్టేమన్, ట్రాన్స్‌ఫర్ రెండూ అక్కడికి ఆగిపోతాయి, అది వచ్చే ఆదివారం చూద్దాం.

బల్లల దగ్గరికి వెళ్ళే ముందు ప్రతి జంటా మూడు విషయాలు తేల్చుకోండి. 4-3-3-3 చేతితో స్టేమన్ అడుగుతామా, నాలుగు సపోర్టుతో ఒక మెట్టు ఎక్కుతామా, డబుల్ తరువాత పాస్‌కి అర్థం ఏమిటి. తేల్చుకున్నవాళ్ళు ముక్కలు పంచుకోవచ్చు.